తగ్గింపు

రెడ్డెమ్మక్క చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. బండ మీద పెట్టిన ఫోన్లోంచి మగ గొంతు హిందీలో తొందరపెడుతోంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని, కార్డు ఈరోజుతో ఆగిపోతుందని, ఆగకుండా కొనసాగించుకుంటే రుసుములో తగ్గింపు కూడా ఇస్తామని చెప్పాడు.

“మెసేజ్ వచ్చింది చూడండి. అందులో ఆరంకెలు చెప్పండి. రెండు నిమిషాలే టైము.”

“చౌడీ, బిన్నా రా మే!” అని అక్క కేకేసింది. “దాంట్లో ఏముందో చదువు. కార్డు ఆగిపోతే పాప ఫీజు ఎట్లా కట్టేది?”

కువైట్‌లో నాలుగేళ్లుగా ఈ వంటింట్లో నిలబడి అక్క దాచినదంతా ఆ ఖాతాలోనే ఉంది. రాయచోటిలో కూతురి నర్సింగు ఫీజుకు గురువారం గడువు.

బట్టలు మడతపెడుతున్నదాన్ని వదిలేసి వచ్చాను. ఖాతా తెరిచిన రోజు ఈ ఇంటి సార్ అరబ్బీ భాష ఎంచి ఇచ్చాడు. అప్పటి నుంచి మెసేజులన్నీ ఆ భాషలోనే వస్తాయి. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం కొంచెం వచ్చు. మేడమ్ పిల్లల పక్కన కూర్చుని వాళ్ల పుస్తకాలు చూస్తూ నేర్చుకున్నాను.

మొదటి వరుసలో ఆరంకెలు మనకు తెలిసిన అంకెల్లోనే ఉన్నాయి. తర్వాత ఒక మాట కనబడింది. ఖస్మ్. సరుకుల కొట్టు తలుపు మీద ఎర్ర కాగితంపై పెద్దగా రాసి ఉంటుంది. తగ్గింపు అని నేనే అక్కకు చెప్పాను. దాని పక్కన ఒక సున్నా, రెండు చుక్కలు, కామా, మళ్లీ మూడు చుక్కలు.

“తగ్గింపు అనే ఉందక్కా. పక్కన సున్నా.”

“చూసినావా? రుసుము సున్నా చేసినారు. చెప్పేయ్ మే.”

“నాలుగు,” అన్నాను ఫోన్ దగ్గర వంగి. “ఏడు. ఒకటి.”

“తర్వాత?”

తర్వాతి అంకె కోసం చూస్తుంటే, కింది వరుస మొదట్లో కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడిన రెండు అక్షరాలు కంటబడ్డాయి. లా. హాల్లో గాజు బీరువాకు పిల్లలు ముట్టుకోకుండా మేడమ్ అంటించిన కాగితం కూడా దాంతోనే మొదలవుతుంది. రోజూ దాన్నే తుడుస్తాను. లా అంటే వద్దు.

ఏం వద్దంటున్నారు?

“హలో! టైము అయిపోతోంది. డబ్బంతా లోపలే ఇరుక్కుంటుంది!”

“నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా?” అంది అక్క. “పది చదివినావు, మూడంకెలు చెప్పలేవా?”

నేను మళ్లీ ఆ చుక్కల్నే చూశాను. వీళ్ల సున్నా చుక్క కదా. మరి ఆ గుండ్రంది? వాటి పక్కనే దీనారు గుర్తు. కొట్టు తలుపు మీద ఎర్ర కాగితం కళ్లముందుకు వచ్చింది. సగానికి సగం తగ్గింపు, గుండ్రం పక్కన చుక్క. యాభై.

గుండ్రంది అయిదు. కామా తర్వాత మూడు చుక్కలూ ఫిల్సులు, దీనారు కింద చిల్లర.

“అక్కా, సున్నా కాదు. అయిదొందల దీనార్లు.”

“ఇస్తాడంటనా?” అక్క ముఖం వెలిగింది.

“కాదక్కా, తీస్తాడు.”

“తగ్గింపని నువ్వే అంటివే!”

“తగ్గింపే. కొట్టులో అయితే ధర తగ్గుతాది. ఇది బ్యాంకు మెసేజు. నీ ఖాతాలో తగ్గుతాది.”

అక్క ఫోన్ వైపు చూసింది. అంతలో అవతలివాడు, “ఆ పిల్ల మాట వినొద్దు, మీరే చెప్పండమ్మా,” అన్నాడు మెత్తగా. అక్క పిండి చేత్తో ఫోన్ లాక్కుంది. అంకెలు ఆమెకు తెలుసు.

“నాలుగు... ఏడు...”

“అక్కా, వద్దు అని రాసుండాది! ఎవరికీ చెప్పొద్దనే. బ్యాంకోడే పంపించి, వాడే అడుగుతాడా?”

అక్క నా ముఖంలోకి చూసింది. అవతలివాడి మెత్తదనం పోయింది. తిట్టాడు. అక్క తల్లిని తిట్టాడు.

“బ్యాంకోడు ఇట్లా తిడతాడా?” అని అక్క ఫోన్ కట్ చేసింది.

వెంటనే ఇంకో మెసేజు వచ్చింది. మళ్లీ అదే గుండ్రం, అవే చుక్కలు. మూడో మెసేజు. ఫోన్ మోగింది. ఎత్తలేదు. కార్డు వెనకున్న నంబరుకు నేనే చేశాను. ఎంతసేపో పాట వినిపించాక ఒకమ్మాయి పలికి, కార్డు ఆపేసింది. డబ్బు ఎక్కడికీ పోలేదంది. కొత్త కార్డుకు బ్యాంకుకు రమ్మంది. అప్పటిదాకా అక్క గోడకు ఆనుకునే నిలబడింది. బండ మీద పిండి ఎండిపోయింది.

“మూడంకెలు చెప్పేసినా అక్కా,” అన్నాను.

“నేను ఆరూ చెప్పేదాన్ని లే. పిండి తడుపు, మేడమ్ లేస్తాది.”

మర్నాడు బ్యాంకు పని ముగించుకుని సరుకుల కొట్టుకు వెళ్లాం. తలుపు మీద ఎర్ర కాగితం. లోపలికి అడుగు పెట్టబోయి అక్క ఆగింది.

“ఇది ఎవురికి తగ్గేది చౌడీ? వాళ్లకా, మనకా?”