అంచున నీలం

నేసిన బట్టను పొద్దుటి వెలుగులో పట్టి చూడనిదే సుబ్బరాయులుకు ఆ రోజు మొదలైనట్టే ఉండదు. వేలూరు దగ్గరి గుడియాత్తంలో లుంగీలు నేసే వీధిలో అతని ఇల్లు. ముందుగదంతా గుంటమగ్గమే. దాని వెనక పొయ్యి, పొయ్యి పక్కన దేవుడి గూడు. స్నానం చేసి, చౌడేశ్వరమ్మ పటానికి రెండు పువ్వులు పెట్టి, మగ్గం మీంచి కోసిన లుంగీని గడప దగ్గరికి తెచ్చి చాపి చూస్తాడు. చాయ తేడా వచ్చిందా, గళ్ళు కలిశాయా అని కన్ను చికిలించి వెతుకుతాడు. వీధిలో అందరికీ తెలుసు, సుబ్బరాయులు కంటిని దాటి తప్పు దారం బయటికి పోదని.

ఆ రోజు గడప పక్క గూట్లో కూతురు శృతి కళ్ళజోడు ఉంది. పాప ముఖం కడుక్కోవడానికి తీసి పెట్టింది. ఏం తోచిందో, అతను దాన్ని తీసి లుంగీ మీద పట్టి చూశాడు. ఎర్రమట్టి రంగు బట్ట, మీద తెల్లగళ్ళు. అద్దం నడిమి నుంచి చూస్తే తెల్లగీత తెల్లగానే ఉంది. అంచు నుంచి చూస్తే మాత్రం గీతకు ఒక పక్క నీలం, ఇంకో పక్క నారింజ అంటుకున్నాయి. నేతలో లేని రంగులు. తాను పెట్టని దారాలు. సుబ్బరాయులు లోపలికి కేక వేశాడు.

"పాపా, ఇట్ల రా. ఈ తెల్లగీత పక్కన నీకేమన్నా రంగు కనిపిస్తాదా?"

శృతి జోడు పెట్టుకుని, తల వాల్చి, ఓరగా చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నాయన ముఖంలో ఏ జవాబు కోసం చూస్తున్నాడో కనిపెట్టేంత తెలివి ఉంది.

"అవును నాయనా, నీలం ఉండాది."

"ఇన్ని రోజులూ చెప్పలేదే?"

"అందరికీ అట్లే ఉంటాదనుకున్నా."

పొయ్యి దగ్గర నుంచి భార్య సుమిత అరిచింది. "పొద్దున్నే దాన్ని యాల కెలుకుతారు? వేలూరు ఆసుపత్రోళ్ళు చూసి ఇచ్చిందే కదా! పిల్ల చదువుకుంటా ఉండాది, ఆడుకుంటా ఉండాది. ఇంకేం కావాల?"

"నీకు రంగు సంగతి తెలీదులే."

"నాకు సాంబారు రంగు తెలుసు. రాండి, తినండి."

వేలూరులో ఆ జోడు ఇచ్చినప్పుడు, కళ్ళు పరీక్షించే షాలిని అనే అమ్మాయి చాలాసేపు చెప్పింది. శృతికి ఎడమకన్ను పుట్టినప్పటి నుంచి మందం. అద్దం పెట్టినా పెద్ద అక్షరాలు తప్ప అందవు. చూపంతా కుడికంటిలోనే. "ఒక్క కంటి మీద బతికే పిల్లకు ఆ కన్ను కాపాడే అద్దం కావాలండీ. మామూలు ప్లాస్టిక్ వద్దే వద్దు. ఇది పాలీకార్బొనేట్" అని ఆమె చెప్పింది. సుబ్బరాయులు తల ఊపాడు. కానీ మనసు ఆ ఒక్క కన్ను అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆ తరువాత చెప్పినవేవీ చెవిలో పడలేదు.

సాయంత్రం జోడు జేబులో వేసుకుని బజారువీధిలో శివప్రకాశం అద్దాల కొట్టుకు పోయాడు. శివప్రకాశం తమిళంలో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనిషి. జోడును ఒక యంత్రంలో పెట్టి పవరు చూశాడు, కిటికీ వైపు ఎత్తి చూశాడు, నవ్వాడు.

"నువ్వు మగ్గం దిగినా మగ్గం నిన్ను దిగదప్పా. అద్దంలో కూడా దారాలు లెక్కపెడతావా? ఇది దొంగసరుకు కాదు. పాలీకార్బొనేట్ గుణమే అంత. వెలుగును కొంచెం చీలుస్తాది. పవరు ఎక్కువ ఉంటే అంచుల్లో తెలుస్తాది. పిల్లోళ్ళు తల తిప్పి నడిమి నుంచి చూస్తారు, అలవాటు పడిపోతారు."

"అలవాటు పడితే తప్పు ఒప్పు అయిపోతాదా?"

"తప్పు కాదంటాండా. విను. మామూలు ప్లాస్టిక్కు ఉండాదే, దాంట్లో చూపు శుభ్రం. రంగు చీలదు. కానీ గట్టి దెబ్బ పడితే పగిలి ముక్కలైపోతాది. ఇది పలచన, తేలిక. దెబ్బకు సొట్ట పడినా పడతాది గానీ అంత సులువుగా పగలదు. గీతలు తొందరగా పడతాయి, అందుకని పైన పూత వేస్తారు. మూడోది ట్రైవెక్స్ అని ఉండాది. దెబ్బకు ఇంచుమించు దీనంత గట్టి. చూపు మామూలుదంత కాకపోయినా దీనికంటే బాగుంటాది. ఇంకా తేలిక. కాకపోతే నీ బిడ్డ పవరుకు అంచు కొంచెం లావుగా వస్తాది."

"అదే ఇయ్యి మరి."

"నా దగ్గర యాడ ఉండాది? చెన్నై నుంచి రావాల, నాలుగు రోజులు పడతాది. అందాకా దీన్నే పెట్టుకోనీ."

సుబ్బరాయులు ఆ జోడు వంక చూశాడు. దాన్ని మళ్ళీ బిడ్డ ముఖానికి తగిలించాలంటే, తప్పు నేసిన లుంగీని మడిచి సంతకు పంపినట్టు అనిపించింది. "అందాకా ఇదే చట్రంలో మామూలుది వెయ్యి. నాలుగు రోజులే కదా."

శివప్రకాశం యంత్రం వంక మళ్ళీ చూశాడు. "ఎడమది పవరు చాలా ఎక్కువ ఉండాదే! రెండు కళ్ళకూ చూపు బాగుండాదా? ఒక కన్ను మందమైతే నేను మామూలుది వెయ్యను, ఇప్పుడే చెప్తాండా."

వద్దంటాడన్న భయం. అంతకు మించి ఇంకేమీ లేదు. "అద్దం పెడితే రెండూ బాగుండాయిలే" అన్నాడు సుబ్బరాయులు.

"సరి. మగ్గం దగ్గరికి మాత్రం రానీయొద్దు."

"రానీను."

ముందుగదే మగ్గమైన ఇంట్లో, మగ్గానికి దూరం అంటే ఎక్కడ? ఆ ప్రశ్న ఇద్దరిలో ఎవరికీ రాలేదు. విప్పిన పాలీకార్బొనేట్ అద్దాలను కాగితంలో చుట్టి ఇచ్చాడు శివప్రకాశం. సుబ్బరాయులు వాటిని దేవుడి గూట్లో పెట్టాడు. మరుసటి పొద్దున కొత్త అద్దం అంచు నుంచి గళ్ళు చూశాడు. తెల్లగీత తెల్లగా ఉంది. అమ్మవారికి దండం పెట్టుకున్నాడు.

శనివారం బడి లేదు. శృతి గోడవారన కూర్చుని రాట్నం మీద దారపు కండెలు చుడుతోంది. సుబ్బరాయులు గుంటలో కాళ్ళు ఆడిస్తూ, తాడు లాగుతూ నేస్తున్నాడు. తాడు లాగినప్పుడల్లా దారం మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పడుగు మీద జారిపోతుంది. చెయ్యంత కొయ్య, రెండు కొనలకూ ఇనుప మొనలు. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతున్నట్టు కనిపించింది. ఈ వరస అయ్యాక కడదాంలే అనుకున్నాడు.

"నాయనా, ఈ కండె సరిగ్గా చుట్టినానా చూడు" అంటూ శృతి లేచి మగ్గం పక్కకు వచ్చింది.

అప్పటికే తాడు లాగాడు. నాడె తెగిన పోగు చిక్కుకు తగిలి, దారి తప్పి, పైకి ఎగిరింది. టప్పుమని ఒక్క చప్పుడు. పిల్ల ముఖం పట్టుకుని కూర్చుండిపోయింది. ఒళ్ళో కండె, కండె మీద అద్దం ముక్కలు. వేళ్ళ సందున సన్నగా రక్తం.

సుమిత నీళ్ళచెంబుతో పరుగెత్తుకొచ్చింది. "కడగొద్దు, ముట్టుకోవద్దు" అంటూ పక్కింటి మునియప్ప ఆమెను ఆపి ఆటో తీశాడు. ఊరి ఆసుపత్రిలో కంటికి తగలకుండా పైన గట్టి మూత కట్టి వేలూరుకు పంపారు. దారి పొడుగునా శృతి తల్లి ఒళ్ళో కదలకుండా పడుకుంది. సుబ్బరాయులు అమ్మవారి పేరు తలుద్దామనుకున్నాడు. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమని అడగాలి? తాడు లాగింది ఎవరి చెయ్యి?

పెద్దడాక్టరు ముసలాయన. కుడికంటి నల్లగుడ్డు మీది పొర చీలిందని, కుట్లు వేశామని, లోపలి కటకానికి కూడా గాయమైందని చెప్పాడు. "ఇప్పుడు వెలుతురు తెలుస్తున్నది. అంతకు మించి చూపు వస్తుందో రాదో నెలలు గడిస్తే గాని చెప్పలేను" అన్నాడు.

షాలిని వచ్చి, సంచిలో ఉన్న విరిగిన జోడు చూసింది. చట్రంలో మిగిలిన ముక్కను వెలుగుకు ఎత్తి పట్టింది.

"ఇది మేమిచ్చిన అద్దం కాదు కదండీ."

"కాదమ్మా."

"ఎందుకు మార్చినారు?"

"అంచున నీలం వచ్చింది." తనకే ఆ మాట వింతగా వినిపించింది. "ఆ అద్దమే ఉండి ఉంటే?"

ఆమె అబద్ధం చెప్పే పిల్ల కాదు. "దెబ్బ తగిలేది. ముఖం వాచి ఉండొచ్చు, లోపల కూడా కొంత దెబ్బ తగిలి ఉండొచ్చు. ముక్కలు మాత్రం కంట్లోకి పోయేవి కావని నేననుకుంటాను. దాన్ని ఇచ్చేదే అందుకు."

మరునాడు వార్డులో ఉండగా ఫోను మోగింది. శివప్రకాశం. "నీ ట్రైవెక్సు వచ్చిందప్పా. పిల్లను పిలుచుకుని రా, చట్రానికి బిగిస్తా." సుబ్బరాయులు "సరి" అని పెట్టేశాడు. ఆ మనిషికి ఏం చెప్పగలడు? అడగాల్సింది అడిగినవాడు, నమ్మినవాడు. అందమూ క్షేమమూ రెండూ ఇచ్చే అద్దం లోకంలో ఉంది. తనకే నాలుగు రోజులు ఓపిక లేకపోయింది. ఒక తప్పు చాయను బిడ్డ కంటి ముందు ఉండనివ్వలేకపోయాడు. అమ్మవారు అతనికి తప్పులు వెతికే ఆ కన్ను ఎందుకిచ్చినట్టు? ఇచ్చి, దాన్ని ఎక్కడ ఆపాలో ఎందుకు నేర్పనట్టు? అడిగాడు గానీ కోపంగా అడగలేకపోయాడు.

పక్కమంచం ముసలమ్మ శృతిని పలకరించింది. "ఏమైందే తల్లీ కంటికి?"

"నేనే మగ్గం దగ్గరికి పోయినా అవ్వా. పోవద్దని నాయన చెప్పినాడు. నేను ఇనలేదు."

అతను ఎన్నడూ చెప్పలేదు. శివప్రకాశానికి మాట ఇచ్చాడు గానీ పాపకు చెప్పడం మరిచాడు. సుమిత తలెత్తి భర్త వంక చూసింది. అతను చెప్పలేదని ఆమెకు తెలుసు. అతను తల దించుకుని పిల్ల దుప్పటి సర్దాడు.

వాపు దిగాక షాలిని ఎడమకన్ను మళ్ళీ పరీక్షించింది. శృతి ఫలకం మీద అన్నిటికంటే పెద్ద అక్షరం చదివింది, రెండోది తడుముకుంది, మూడోదాని దగ్గర ఆగిపోయింది. "ఇప్పుడు ఆధారం ఈ కన్నే. చూపు తక్కువైనా దీన్ని కాపాడుకోవాలి" అంది షాలిని. "పాలీకార్బొనేటా, ట్రైవెక్సా, మీ ఇష్టం. రెండూ దెబ్బకు నిలుస్తాయి."

"మీరే చెప్పండమ్మా" అన్నాడు సుబ్బరాయులు. "నన్ను అడగొద్దు."

ఆమె ట్రైవెక్స్ అని రాసుకుని, చట్రాల పెట్టె తెచ్చి పిల్ల ముందు పెట్టింది. కుడికంటి మీద కట్టు. శృతి ఒక్కొక్క చట్రాన్నీ వేళ్ళతో తడిమి, ముక్కు మీద పెట్టుకుని, తీసి, ఎడమకంటికి దగ్గరగా పట్టి చూసింది. తేల్చుకోలేక నాయన వైపు చాపింది.

"ఇది నలుపా, నీలమా నాయనా?"

"నలుపు."

"నలుపు వద్దు."

అతను పెట్టెలోంచి ఇంకొకటి తీసి ఆ చేతికి అందించాడు.