మాలతి గారు చెప్పని మాట

గద్వాల బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్లు ఎప్పుడూ ఒక చెవికే పలికేవి. 2009లో మా ఇంటికి ఆ ఒక్క చెవే దిక్కు.

మా అన్న లక్ష్మణ్ మగ్గం వదిలేసి భివండి మిల్లుకు పోతానని కూర్చున్నాడు. ఒక పెద్ద దుకాణం నేరుగా మా దగ్గరే చీరలు కొంటే ఉంటానన్నాడు. డిగ్రీ చదివినదాన్ని కాబట్టి ఆ దుకాణాన్ని వెతకడం నా నెత్తిన పడింది. మొదట్లో దొరికిన ప్రతి అడ్రసుకూ ఒకే మెయిలు కొట్టాను: "గౌరవనీయులైన అయ్యా, మా చీరలు చాలా నాణ్యమైనవి." ఒక్క పురుగు పలకలేదు. ఎందుకు పలుకుతారు? నాకు ఎవరైనా అట్లా రాస్తే నేనూ చదవను.

అందుకే ఈసారి ఒక్క మనిషినే పట్టుకున్నాను. బెంగళూరులో చీరల దుకాణం నడిపే మాలతి గారు. ఆమె బ్లాగు మొత్తం చదివాను. గద్వాల పేరు చెప్పి మరమగ్గం చీరలు అంటగడుతున్నారని మండిపడ్డారు. వాళ్ళమ్మ పుట్టిల్లు గద్వాలే, ఆ అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. మైసూరులో రెండో దుకాణం తెరుస్తున్నారని పేపర్లో వార్త. ఒక చేనేత సభలో ఆమె మాట్లాడిన వీడియో కూడా దొరికింది. అది ఆగి ఆగి నడుస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ చివరిదాకా విన్నాను.

అందులో వాళ్ళమ్మ చీర గురించిన ఒక మాట నన్ను పట్టేసింది. "అంచు అతుకు కాడ చిన్న ముడి ఉండె. గా ముడి తడుముకుంటనే పానం పోయింది."

ఇంకేం కావాలి! మైసూరు దుకాణానికి శుభాకాంక్షలు చెప్పి, మరమగ్గం మోసం గురించి ఆమె రాసింది నిజమేనని రాసి, అమ్మగారి చీరలోని ఆ ముడి మాటా కలిపాను. రెండు చీరలు చూపిస్తాం, పది నిమిషాలు మాట్లాడగలరా అని అడిగి, కింద నా సెల్ నంబరు ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"పావని నువ్వేనా? ముడి సంగతి యారు హేళిదరు? నీకు ఎవరు చెప్పారు?"

"మీ వీడియోలోనే విన్న మేడం."

"నేను చెప్పలేదమ్మా. కాగితం మీద రాసుకున్నాను. అక్కడికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. నీళ్ళు తాగి వదిలేశాను. ఆ కాగితం కూడా చింపేశాను."

నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. వీడియో మళ్ళీ పెడితే ఆ చోట గ్లాసు చప్పుడు, నీళ్ళు మింగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ఆమె మాట్లాడిందంతా ఇంగ్లీషు, మధ్యమధ్య కన్నడం. నేను విన్నది మా పాలమూరు మాట.

జరిగింది జరిగినట్టే ఫోన్ చేసి చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు.

"ఆఖరి ఘడియలో అమ్మ పెదాలు కదిలాయి. నాకు వినబడలేదు. మళ్ళీ విను పావనీ. నాతో ఏమన్నదో చెప్పు. మీ మగ్గాల మీద ఏం దిగినా నేనే కొంటాను."

దేవుడా! ఒక్క తీయని మాట చాలు, అన్న నిలబడతాడు. వినబడకపోతే నేనే కల్పిస్తాను, ఎవరికి తెలుస్తుంది? "నా బంగారు కొండా, జాగ్రత్త" అంటే సరిపోతుంది. ఆ మాట నోట్లో సిద్ధం చేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గ్లాసు చప్పుడు. నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత, ఏనాడూ పలకని రెండో చెవిలో, నా పక్కనే కూర్చున్నంత దగ్గరగా:

"నా బిడ్డ దుఃఖం మీద మగ్గం నడిపిస్తవా?"

ఎట్లా ఇల్లు చేరానో తెల్వదు. మగ్గం ముందు కూలబడ్డాను. సాయంత్రం మాలతి గారే ఫోన్ చేశారు.

"విన్నావా?"

"మీతోటి ఏమన్నదో నాకు వినబడలే మేడం. అబద్ధం చెప్ప."

ఒక్కసారిగా ఆమె గొంతు చిన్నపిల్లదైపోయింది. "నీ వెనక ఎవరు?"

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

"అమ్మా," అన్నారామె. నాతో కాదు.

నేను ఫోను చెవి నుంచి తీసి, స్పీకరు నొక్కి మగ్గం మీద పెట్టాను. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను. లోపల ఆమె ఏడుస్తోంది, ఆగుతోంది, "ఊ" కొడుతోంది, మళ్ళీ ఏదో అడుగుతోంది.

అన్న అరుగు మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. "ఏందే, గా మేడం చీరలు కొంటదంటనా?"

"అడగలే అన్నా."

"ఇప్పుడన్న అడుగు. లైన్లనే ఉందిగా."

"మాట్లాడుకుంటున్రు," అన్నాను. "నడుమ పోలేను."

అన్న తలుపు వైపు చూశాడు. లోపలి మాటలు ఆయనకూ వినబడుతున్నాయి. రెండు గొంతులు. సంచి భుజానికి తగిలించుకుని, బస్టాండు దారి పట్టాడు.