నాలుగు వేళ్ల సందు

ఎక్స్‌రే గదిలో పని చేసే ఆవిడ చిన్నప్పటి వాన మీద కవిత రాసింది. రాసి ఊరుకుంటే గొడవే లేదు. పత్రికకి పట్టుకెళ్లింది.

సంపాదకుడు పెన్సిలుతోనే పుట్టినట్టుండే మనిషి. కవిత చదివి, అందులో ఒక్క మాట కింద గీత గీశాడు.

"ఈ సంచికకి వాన కవితలు యాభై మూడు వచ్చాయమ్మా. ముప్పై ఎనిమిదింటిలో కాగితప్పడవ ఉంది. ఇంత నౌకాదళం ఏ దేశానికీ లేదు. నీకు పడవ చేయడం వచ్చా?"

"రాదండీ."

"మట్టి వాసన?"

"మాది మూడో అంతస్తండీ. కింద సిమెంటు."

"మరెందుకు రాశావు?"

అందరూ రాస్తారు కదా అని రాసింది. ఆ మాట పైకి ఎలా అంటుంది పాపం. ఆయన కాగితం తిరగేసి ముందుకి తోశాడు. "వానొస్తే మీ ఇంట్లో మాత్రమే జరిగేది ఒకటి చెప్పు. బాగుండక్కర్లేదు."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "పడగ్గది తలుపు పడేది కాదు."

"అయితే?"

"మా అమ్మా నాన్నా పోట్లాడుకోవాలంటే ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. నా ముందు పోట్లాడకూడదని వాళ్ల నియమం. వానలకి చెక్క ఉబ్బేది, తలుపు పడేది కాదు. అందుకని వానలున్నన్నాళ్లూ పోట్లాటలు లేవు."

సంపాదకుడు పెన్సిలు బల్ల మీద పెట్టాడు. ఆయన పెన్సిలు కింద పెట్టడం ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. "వెళ్లి అది రాసుకురా. శుక్రవారం దాకా ఆగుతాను."

రాసింది. మంగళవారం ఆయన మళ్లీ గీతలు పెట్టాడు. "శాంతి" కొట్టేశాడు. "వానా, నీకు వందనం" అన్నదాన్ని రెండుసార్లు కొట్టేశాడు, ఒకసారితో కసి తీరనట్టు. "తలుపు చెప్పేసింది కదా, మళ్లీ నువ్వు చెప్పడమెందుకు? పైగా, తలుపు ఎంత దూరంలో ఆగేది? ఏ మూల పట్టేది? సందులోంచి ఏం కనిపించేది? ఊరికే 'పడేది కాదు' అంటే ఎవరి తలుపైనా కావచ్చు. ఇది మీ తలుపు కావాలి."

"సందు నాలుగు వేళ్లండీ. నా వేళ్లు పెట్టి చూసుకునేదాన్ని. ఏ మూల పట్టేదో గుర్తులేదు."

"గుర్తున్నవాళ్లని అడుగు."

అక్కడే వచ్చింది చిక్కు. గుర్తున్నది ఒక్క అమ్మకే. కూతురికి పన్నెండేళ్లప్పుడు, ఎండలు ముదిరిన రోజుల్లో, నాన్న పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అమ్మ ఆయన మాట ఎత్తలేదు. మనిషి పోయాడని కబురొచ్చినప్పుడు కూడా "ఊ" అని కూరగాయలు తరగడం పూర్తి చేసింది. కూతురు మాత్రం ఆయన గురించి ఒక్క మాట, తిట్టైనా సరే, అమ్మ నోట వినాలని ఇన్నేళ్లుగా కాచుకుని ఉంది. ఎప్పుడు అడగబోయినా "వెనకటి సంగతులిప్పుడెందుకే" అని అమ్మ లేచి వెళ్లిపోయేది. ఈసారి అలా లేచి వెళ్లిందంటే ఇక జన్మలో అడగలేనని ఆవిడకి తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. కూతురు తువ్వాలు ఒకటి అందుకుని తనూ మడతపెడుతున్నట్టు నటించింది.

"అమ్మా, పాత ఇంట్లో పడగ్గది తలుపు ఏ మూల పట్టేది?"

అమ్మ చేతులు ఆగాయి. లేస్తుందనుకుంది. లేవలేదు.

"కింద, గొళ్లెం వైపు. నేలకి రాసుకునేది. పైన చట్టానికి కూడా కొంచెం. తలుపు కింది అంచుకి రంగు వేయలేదు, నీళ్లు అక్కణ్ణుంచి పీల్చేది. పై మడతబందుకి మరలు వదులు, అందుకని ఓ పక్కకి వాలింది కూడా. ఎందుకూ?"

వడ్రంగి కూడా ఇంత వివరంగా చెప్పడు. కూతురు చేతి సంచీలోంచి పాత ఎక్స్‌రే కవరు తీసి, దాని వెనక రాసుకున్నదానికి ఆ మూలలు చేర్చి, ఇక తప్పదని చదివి వినిపించింది:

*వానాకాలం మా పడగ్గది తలుపు*
*నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయేది.*
*కింది మూల నేలని పట్టుకునేది,*
*పై మూల చట్టాన్ని.*
*సందులోంచి మంచం కోడు,*
*నాన్న మడమ,*
*అమ్మ విదిలిస్తున్న దుప్పటి కొస.*
*ఎంత తోసినా తలుపు పడేది కాదు.*

అమ్మ ఒక లంగా మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"పడేది కాదని నీకెవరు చెప్పారు?"

"నేనే చూశాను కదమ్మా."

"తోస్తే పడదు. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి, భుజంతో ఒక్కటిస్తే పడేది. ఎండాకాలంలా కాదులే, కిర్రుమంటూ పడేది." బట్టల దొంతర ఎత్తుకుంది. "నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు." అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కూతురు కవరు పట్టుకుని కూర్చుండిపోయింది. ముప్పై ఏళ్లుగా చెక్కకి కట్టబెట్టిన పుణ్యమంతా చెక్కది కాదట.

గురువారం మధ్యాహ్నం సంపాదకుడి దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది. "కవిత అబద్ధమైపోయిందండీ. వెనక్కి తీసుకుంటాను."

"పిల్ల అబద్ధమాడలేదు. పడదనే నమ్మింది, అలాగే ఉండనీ. 'ఎంత తోసినా' తీసెయ్యి, నిజంగా వేయాలని ఎవరూ తోయలేదు కదా. అయితే పడగలిగేదని పిల్లకి తెలియకుండా చదివేవాళ్లకి తెలియాలి."

"వాళ్లు కావాలనే వేసుకోలేదని ఆఖర్న రాస్తే?"

"రాస్తే నేను కొట్టేస్తాను. వివరణ వద్దు, ఒక వస్తువు కావాలి. పిల్ల కళ్లెదుట ఉన్నది, తలుపుతో సంబంధం లేనట్టు కనిపించేది. రేపు పది గంటలకి అచ్చుకి వెళ్తుంది."

తెల్లారి ఆవిడ టిఫిన్ డబ్బా సర్దుకుంటూ అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒక వస్తువు కావాలి, ఆ గదిలోది, ఇక ఇంటికి సంబంధించి నిన్నేమీ అడగను, వద్దంటే కవితే మానేస్తాను.

అమ్మ డబ్బా మూత అందుకుని తనే బిగించింది. కూతురు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

"ఇనప బీరువా ఉండేది," అంది అమ్మ. "నిండా బట్టలు. నేను ఊడుస్తుంటే మీ నాన్న దాన్ని ఒక్కడే జరిపేవాడు. లోపలివి తీసేవాడు కాదు. భుజం ఆనించి ఒక్క తోపు. అది రాయి."

మీ నాన్న. ఆ రెండు మాటలూ ఆ ఇంట్లో వినిపించి ముప్పై ఒక్క ఏళ్లయింది. కూతురు గుమ్మంలోనే నిలబడి, కవరు గోడకి ఆనించి, 'ఎంత తోసినా' కొట్టేసి, అడుగున రాసింది:

*వానాకాలంలో కూడా*
*నిండు బీరువాని నాన్న*
*ఒక్కడే జరిపేవాడు.*

చదివి వినిపించింది. అమ్మ తల ఊపింది. "జరిపాక ఆయాసపడేవాడు. పడనట్టు నటించేవాడు," అంది.

"అది రాయనామ్మా?"

"వద్దు. అది నీకు చెబుతున్నా." అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకోసారేమైందంటే..."

కూతురు ఫోనులో ఆ మూడు పంక్తులూ సంపాదకుడికి పంపించి, చెప్పులు విప్పేసి అమ్మ ఎదురుగా కూర్చుంది. ఎక్స్‌రే గది ముందు పదకొండు మంది వరసలో ఉంటారని తెలుసు. ఉండనీ అనుకుంది.