వచ్చే ఏటి లాభం

నాయన పోయిన ఇరవై మూడో నాడు గంగాధరం చిన్నాయన నన్ను మండీకి రమ్మని కబురు పెట్టాడు. ఆయన నాకు సొంత చిన్నాయన కాదు. చిత్తూరు బెల్లం మండీలో ఆయనా, నాయనా పద్దెనిమిదేళ్లుగా చెరిసగం భాగస్తులు. నాయన పేరు దామోదరం. డిసెంబరులో ఒక పొద్దున బెల్లం చూసి వస్తానని పూతలపట్టు పోయాడు. అక్కడ బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె పట్టుకుని కూలిపోయాడట.

నేను ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. చాలాసేపు మఠం వేసుకు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుందే, నాకు లోపలంతా అట్లా ఉండింది. గిల్లినా తెలియదు. అన్నం పెడితే తిన్నాను, పలకరిస్తే పలికాను. కాగితాలు సర్దమంటే సర్దాను.

ఆ కాగితాల్లోనే ఇంటి తాకట్టు పత్రం దొరికింది. మూడేళ్ల కింద అమ్మకు వేలూరులో ఆపరేషన్ అయింది. అప్పుడు నాయన మండీలో తన పెట్టుబడి మొత్తం తీసేసుకుని, చాలక కట్టమంచిలో ఉన్న ఇల్లు వడ్డీ వ్యాపారి మునస్వామి దగ్గర తాకట్టు పెట్టాడు. వడ్డీతో కలిపి పదిహేను వేలు తేలింది. జనవరి నెలాఖరుకు కట్టకపోతే ఇల్లు ఆయనదే. అమ్మకు ఆ ఇల్లు తప్ప వేరే నీడ లేదు. మాకు రావాల్సిందల్లా ఈ ఏడాది మండీ లాభంలో నాయన సగం. భాగస్తుల్లో ఎవరైనా పోతే ఆ రోజుకు పుస్తకాలు మూసి, అప్పటిదాకా వచ్చిన లాభంలో సగం వాళ్లింటికి ఇవ్వాలి, మిగిలిన సరుకు రెండోవాడికి ఉండిపోవాలి. ఒప్పందంలో అట్లా రాసుకున్నారు.

మండీలో చిన్నాయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. నాయన కూర్చునే చోట ఎవరో తక్కెడ రాళ్లు పెట్టారు. గుమాస్తా వరదయ్య నాకు స్టూలు వేసి, లెక్క రాసిన కాగితం చేతికిచ్చాడు.

"తొమ్మిది వేలు పాపా," అన్నాడు చిన్నాయన, గుడ్డసంచి నా వైపు జరుపుతూ. "సూసుకో. నువ్వు సదూకున్నదానివి."

తొమ్మిది వేలు. ఇంకో ఆరు వేలు తక్కువ. నాకు గుండె జారలేదు, చెమట పట్టలేదు. కాగితం చదివాను, అంతే.

ఏప్రిల్లో ఏడాది మొదలయ్యేటప్పటికి గోడౌన్లో రెండు వందల క్వింటాళ్లు, క్వింటాలు నూట యాభై చొప్పున. ఆగస్టులో ఇంకో రెండు వందలు, రెండు వందల పది చొప్పున. నవంబరులో మరో రెండు వందలు, మూడు వందల చొప్పున. డెబ్బైతొమ్మిదిలో బెల్లం ధర అట్లా ఎగబాకింది. మొత్తం ఆరు వందల క్వింటాళ్లు, లక్షా ముప్పైరెండు వేల రూపాయలు. అందులో నాలుగు వందలు అమ్మితే లక్షా పన్నెండు వేలు వచ్చాయి. ఖర్చులు ఆరు వేలు. ఇంతవరకూ తగాదా లేదు.

తగాదా ఎక్కడంటే, అమ్మిన నాలుగు వందల క్వింటాళ్లు మాకు ఎంతకు పడ్డాయి అన్న దగ్గర. వరదయ్య మొత్తం డబ్బును మొత్తం సరుకుతో భాగించాడు. క్వింటాలు సగటున రెండు వందల ఇరవై. నాలుగు వందలకు ఎనభై ఎనిమిది వేలు. ఖర్చులు పోను లాభం పద్దెనిమిది వేలు, అందులో సగం తొమ్మిది.

"ఇదేంది వరదయ్యా, సగటు కట్టినావే?" అన్నాను. "మన మండీలో ఎప్పుడూ ముందొచ్చిన సరుకు ముందు పోయినట్టే గదా లెక్క?"

వరదయ్య నా ముఖం చూడలేదు. చిన్నాయన చూశాడు.

"నువ్వే గదా పాపా మార్పించింది," అన్నాడు.

అవును. నేనే. అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో ఆ సంగతి, మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

పోయిన ఏప్రిల్లో తిరుపతిలో బీకాం ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. తల నిండా పాఠాలు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న మాట నాలాంటి వాళ్లను చూసే పుట్టి ఉంటుంది. మండీకి వచ్చి పుస్తకాలు తిరగేసి, ఇదేం పాతకాలపు లెక్క అని వరదయ్యను ఎగతాళి చేశాను. పాత బెల్లం చెమరుస్తుంది కాబట్టి పాతదే ముందు అమ్ముతాము, లెక్కా అట్లాగే కడతామని ఆయన అన్నాడు. అమ్మేటప్పుడు ఏ మూట ముందు మోసినా లెక్కకు దాంతో పని లేదని నేను వాదించాను. ధరలు పెరిగేటప్పుడు పాత లెక్క కడితే చవగ్గా కొన్నదంతా అమ్మినట్టు పడుతుంది, ఖరీదుగా కొన్నదంతా గోడౌన్లో మిగిలినట్టు పడుతుంది, లాభం ఉబ్బి కనిపిస్తుంది, ఇన్‌కంటాక్సు వాళ్లకు పండగ. అదే సగటు కడితే అమ్మినదానికీ, మిగిలినదానికీ ఒకే ధర పడుతుంది, లాభం తగ్గి కనిపిస్తుంది, పన్నూ తగ్గుతుంది. ఇట్లా గంటసేపు చెప్పాను. నాయన నోరు తెరుచుకుని విన్నాడు. నా బిడ్డ ఏం చెబుతోందో చూడబ్బా అని చిన్నాయన తొడ మీద చరిచాడు.

కాగితం వెనక్కి తిప్పి పాత లెక్క కట్టాను. మొదటి రెండు వందలు ముప్పై వేలు, తర్వాతి రెండు వందలు నలభైరెండు వేలు. అమ్మిన సరుకు పడింది డెబ్బైరెండు వేలకే. లాభం ముప్పైనాలుగు వేలు. సగం పదిహేడు. తాకట్టు తీరి ఇంకా రెండు వేలు మిగిలేవి. ఒక మూట ఎక్కువ అమ్మలేదు, ఒక మూట తక్కువ కొనలేదు. నేను గొప్పగా నేర్పిన భాగహారం ఒక్కటి, అమ్మ ఇంటి తలుపు మూసింది.

"పాత పద్ధతిలో కట్టు చిన్నాయనా," అన్నాను.

"ఏ ఎండకా గొడుగు పడితే అంగడి నడస్తాదా పాపా? పన్ను కాడ సగటు, పంపకం కాడ పాతదీనా?" ఆయన గోడౌన్ వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు సెప్పే ఎక్కువ లాబం యాడుండాది? పెట్టెలో లేదు. ఆడ, బెల్లంగా ఉండాది. మిగిలిన రెండు నూర్ల క్వింటాళ్లు నీ లెక్కన అరవై వేలు, వరదయ్య లెక్కన నలబైనాలుగు. రేపు కొత్త బెల్లం దిగి ధర పడిపోతే ఆ అరవై వేల బరువు మోసేది ఎవురు? నేనే గదా."

ఆయన మాటలో తప్పు లేదు. అదే చిక్కొచ్చింది. మోసం చేసి ఉంటే తిట్టిపోసేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు.

"సగటు కడితే ఆ పదహారు వేలు మాయమైపోవు చిన్నాయనా," అన్నాను. "మిగిలిన సరుకు తక్కువ ధరకు ఎత్తుకుంటావు కాబట్టి, దాన్ని అమ్మినప్పుడు వచ్చే ఏటి లాభంలో తేలతాయి. ధర నిలబడితే లాభం పోదు, ఇంకో ఏటికి జరుగుతుంది. నీకు వచ్చే ఏడు ఉంది. నాయనకు లేదు."

ఆ మాట నా నోటితోనే అన్నాను. అన్నాకగానీ అర్థం కాలేదు. వరదయ్య కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"ఆ పుస్తకం తీసక రా," అన్నాడు చిన్నాయన, వరదయ్యతో.

వరదయ్య ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మొదటి పేజీలో వరదయ్య చేతిరాతలో ఉంది: ఈ ఏటి నుంచి సరుకు లెక్క సగటు ధరన కట్టవలెను, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప మార్చకూడదు. కింద చిన్నాయన సంతకం. దాని పక్కన నాయన సంతకం. నాయన ఊరికే సంతకం చేసి ఊరుకోలేదు. మూడో తరగతిలో బడి మానేసిన మనిషి, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, సంతకం పైన తన చేత్తో ఇంకో ముక్క రాశాడు.

"మా పాప వసంత బీకాం సెప్పిన పెకారం."

ఆ ముక్క నేను అంతకుముందు చూడలేదు. నాకు చూపించాలని ఆయనకు తోచి ఉండదు. ఎవరో ఇన్‌కంటాక్సు ఆఫీసరు చూస్తాడని రాసుకుని ఉంటాడు.

"దామోదరం బదులు నువ్వు ఒప్పుకో. నేనూ ఒప్పుకుంటా," అన్నాడు చిన్నాయన. "నాకూ ఎనిమిది వేలు ఎక్కువ లాబం పడతాది, లేని దుడ్డుకు పన్ను కడతాను, బెల్లం అమ్మి నీకిస్తాను. వదినమ్మ ఉసురు నాకొద్దు. కానీ ఆ పేజీ నువ్వే కొట్టేయాల, నీ చేత్తోనే సంతకం పెట్టాల. రేపెవురన్నా అడిగితే నేను మార్చినానని అనకూడదు."

పెన్ను చేతికిచ్చాడు. ఇక ఇంటి గురించి ఆలోచించే పని తప్పుతుందన్నంత తేలిగ్గా అందుకున్నాను. పేజీ ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీశాను. గీత తిన్నగానే వచ్చింది. చిన్నాయన సంతకం మీదుగా, నాయన సంతకం మీదుగా, ఆ ముక్క మీదుగా పోయింది. మధ్యలో చెయ్యి వణికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వణకలేదు. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. మండీ లెక్క తేల్చుకు రమ్మని అమ్మ వేలిముద్ర వేసిచ్చిన అధికార పత్రం దానికి జత చేశాను. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట నేను తేదీ సరిగ్గా వేశానో లేదో చూసుకున్నాను.

తొమ్మిది వేలు అప్పుడే తీసుకున్నాను. తక్కిన ఎనిమిది వేలు పదిహేను రోజుల్లో ఇచ్చాడు. బెల్లం ఎంతకమ్మాడో నేను అడగలేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు మునస్వామి దగ్గర తాకట్టు విడిపించి, పత్రం అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మకు చదువు రాదు. పత్రం తిరగేసి మరగేసి చూసి, తలగడ కింద పెట్టుకుంది. తర్వాత అడిగింది.

"మండీ పుస్తకాలన్నీ సూసినావు గదా పాపా. మీ నాయన యాడన్నా, మన గురించి ఏమన్నా రాసి పెట్టినాడా?"

"లేదమ్మా," అన్నాను. "అంతా బెల్లం లెక్కలే."