పోటు దిగేలోపు

వరద వచ్చిన మూడో రోజు ఉదయం తొమ్మిదింటికి నూకయ్య తెప్ప ఉప్పుటేరు దాటి తుఫాను షెల్టరు దగ్గర ఆగింది. అందులో అతని మరదలు నీలమ్మ కూడా ఉంది. వాళ్ళ ఊరు, అవతలి ఒడ్డున ఉన్న దిబ్బపాలెం. సంతబొమ్మాళి నుంచి దానికి వెళ్ళే రోడ్డు తెగిపోయింది. ఊళ్ళో పదకొండు మందికి విరేచనాలు. నీలమ్మ కూతురు కళ్యాణి నిన్నటి నుంచి కళ్ళు తెరవలేదు.

షెల్టరు గదిలో తుఫాన్ల కోసం జూన్‌లోనే తెచ్చిపెట్టిన సరుకు ఉంది. నీళ్ళు శుద్ధి చేసే హాలోజన్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్పాలిన్లు, బియ్యం. కానీ గది తలుపు కనబడలేదు. రాత్రి లారీలో వచ్చిన పాతబట్టల మూటలు వరండా నిండా, తలుపు ఎత్తున పేర్చి ఉన్నాయి.

డిప్యూటీ తహసీల్దారు తారకేశ్వరరావు కుర్చీలోంచి లేవలేదు.

"ముందు ఈ బట్టలు ఎక్కించండి. దాతలు పన్నెండింటికి వస్తారు. మీ ఊళ్ళో పంచుతూ ఫొటో తీసుకుంటారు. ఆ తర్వాత తలుపు తీస్తాను."

"పన్నెండింటికా?" అన్నాడు నూకయ్య. "పదకొండుకి పోటు దిగిపోద్ది. ఏటి మధ్యన ఇసక మేట బయటపడిపోద్ది. తెప్ప నీ జీపు మీద తోలమంతావా సారూ?"

నీలమ్మ ఒక మూట లాగింది. అది చిరిగి నల్ల కోటు జారిపడింది.

"సూడు బావా, కోట్లు! ఇయ్యి తొడుక్కుని వలెయ్యమంతన్నారు."

"ముట్టుకోకు! కేసు పెడతాను."

"కేసెట్టు. నా పిల్ల బతికితే టేసనుకి నేనే ఒత్తాను."

ఆమె మూటలు బురదలోకి విసరసాగింది. నూకయ్య సాయం పట్టాడు. పదిన్నరకి తలుపు కనబడింది. తాళం చెవి తారకేశ్వరరావు జేబులో ఉంది; అడిగినా తియ్యలేదు.

"తాళం ఇయ్యనంటే ఒగ్గేయ్," అన్నాడు నూకయ్య. "ఈ ఏట్లో మిగిలిన తెప్ప నాదొక్కటే. నీ దాతల్ని ఈదమను. ఫొటో నీటిలో తీసుకోమను."

తారకేశ్వరరావు తాళం చెవి బురదలోకి విసిరాడు. నీలమ్మ వంగి ఏరుకుంది.

"బియ్యం ముందు ఎత్తండి. ఆర్డరు అదీ," అన్నాడు అతను.

"బియ్యం మా అటకల మీదున్నాయి. ఒండుకోడానికి మంచి నీళ్ళే లేవు," అంది నీలమ్మ. మాత్రల పెట్టెలు, పొట్లాలు, కొన్ని టార్పాలిన్లు తెప్పలోకి చేరాయి. బియ్యం గదిలోనే ఉండిపోయింది.

"పైకి రాసిస్తాను! ఇద్దరి మీదా రాసిస్తాను!" అని అరిచాడు తారకేశ్వరరావు.

పదకొండు దాటాక తెప్ప మేట మీద ఆగింది. ఇద్దరూ చీలమండ లోతు నీటిలో దిగి నెట్టి దాటించారు.

ఊళ్ళో నీలమ్మ నూతి నీళ్ళు గుడ్డలో వడకట్టి, బిందెలో మాత్రలు వేసింది. అరగంట ఆగాలని పెట్టె మీద ఉందని నూకయ్య చదివి చెప్పాడు. ఆమె బిందె పక్కనే కూర్చుంది. తర్వాత లీటరు నీళ్ళలో పొట్లం కలిపి కూతురికి చెంచాతో పట్టింది.

మొదటి రెండు చెంచాలూ పెదవి మీంచి కారిపోయాయి. మూడోది కళ్యాణి మింగింది.