సున్నా దిద్దిన కాగితం

నిరుడు నేనొక అమ్మాయికి సున్నా వేశాను. తరగతిలో అందరూ ఆమెను ‘కావున’ అని ఏడిపించేవారు. పేరాకొకసారి ఆ మాట రాయనిదే ఆమెకు తోచదు. యంత్రం రాసిన వ్యాసాలను పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్ ఆమె వ్యాసానికి తొంభై ఒక్క శాతం చూపించింది. తనే రాశానని ఆమె మొత్తుకుంది. దొంగ కూడా అదే అంటాడనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది. ఆ పేపరు పోయి, ఆమెకు ఏడాది వృథా అయింది.

ఈ ఏడు మా విభాగం పద్ధతి మార్చింది. ఆ శాతం ఎంతొచ్చినా దాన్ని చూసి మార్కులు కోయకూడదన్నారు. ముందు ఒక పేజీ ప్రణాళిక, తర్వాత చిత్తుప్రతి, నా వ్యాఖ్యలు చూసుకుని దిద్దిన ప్రతి, ఏది ఎందుకు మార్చారో నాలుగు ముక్కలు. ఆపైన తరగతిలోనే అరగంట చేతిరాత, ఒక్కొక్కరికీ మూడు నిమిషాల ప్రశ్నలు. అరవై మందిని అడిగేసరికి నా గొంతు బొంగురుపోయింది. సణుక్కున్నాను కూడా.

‘కావున’ అదే పేపరు మళ్లీ చదవడానికొచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఈసారి మంచినీటి గొట్టాల లీకుల మీద రాసింది. చిత్తుప్రతిలోని మూడో పేరా ఎందుకు తీసేశావని అడిగాను.

“ఆ లెక్క మా ఒక్క వీధిదే మేడమ్. దాన్ని పట్టుకుని ఊరంతా ఇంతేనని ఎలా రాస్తాను?” అంది.

తడుముకోలేదు. ఆ వారమే ఆమె నా కళ్లెదుట రాసిన అరగంట కాగితాలు దిద్దాను. అవే తిన్నని వాక్యాలు, పేరాకో ‘కావున’. నిరుటి వ్యాసం తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకే మనిషివి. ఆ చేతిరాతను టైపు చేసి అదే సాఫ్ట్‌వేర్‌కిచ్చాను. ఎనభై ఏడు శాతం. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాదేనని విభాగాధిపతికి రాసిచ్చాను. నిరుటి వ్యాసం మీద కూడా ఆమెను ప్రశ్నించి, డెబ్భై రెండు వేసి, ఆమె రికార్డులోని ‘కాపీ’ అన్న మాట కొట్టేయించేసరికి రెండు వారాలు పట్టింది. క్షమించమని అడిగితే ఆమె నన్నే ఓదార్చింది.

“మా నాన్న నన్ను నమ్మాడు మేడమ్. ఏడాదంతా ఒక్క మాట కూడా అనలేదు. అది చాలు నాకు,” అంది.

ఆ తండ్రికి సున్నా దిద్దిన కాగితం నా చేత్తోనే ఇవ్వాలనిపించింది. ఆయన గడియారాలు బాగుచేసే కొట్టుకు వెళ్లాను. ‘కావున’ అక్కడే అద్దాల బల్ల తుడుస్తోంది. ఆయన కంటికున్న భూతద్దం తీసి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ముఖం విప్పారింది. కళ్లొత్తుకుని కూతురి తల నిమిరాడు.

“అయితే నిజంగా నువ్వే రాశావన్నమాట, తల్లీ,” అన్నాడు.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“నువ్వూ నమ్మలేదా నాన్నా?”

ఆయన భూతద్దం మళ్లీ కంటికి పెట్టుకుని గడియారం మీదకు వంగాడు. ఆ అనుమానం ఆయనకు అంటించింది నేనే గనక నేనూ తలెత్తలేకపోయాను.