పెద్దన్న సెలవు

చదువుకోవడానికి సెలవు అడిగితే ఆ ఆఫీసులో అందరి మొహాలూ మారిపోతాయి. ఆమె అడిగింది. అకౌంటెన్సీ పరీక్షలో చివరి గ్రూపు మిగిలింది. పాత సిలబస్‌లో రాయడానికి ఇదే ఆఖరి అవకాశం. ఇది తప్పితే మళ్లీ మొదటినుంచి చదవాలి.

దరఖాస్తు పకడ్బందీగా రాసింది. సెలవు ఒకటో తేదీ నుంచి పదిహేను వరకు. పరీక్షలు పది, పన్నెండు, పద్నాలుగు. పదహారున డ్యూటీలో చేరుతుంది. హాల్‌టికెట్ నకలు జతచేసింది. జీతాల పట్టీ సెలవుకు ముందే తయారుచేసి ఇస్తుంది. సప్లయర్ల బిల్లులు క్యాషియరు చూస్తాడు. ఆయన ఒప్పుకుని సంతకం కూడా పెట్టాడు.

"బ్యాంకు లెక్కలు ఎవరు సరిచూస్తారు?" అన్నాడు మేనేజరు.

"హెడ్డాఫీసు నుంచి ఒక గుమస్తాను తెప్పించండి సార్."

"తెప్పిస్తే ఇక్కడ ఖాళీ ఉందని తెలిసిపోతుంది." దరఖాస్తు మీద ఎర్రసిరాతో తనే ఒక పేరు రాశాడు. "పెద్దన్న ఉన్నాడుగా."



పెద్దన్న పోయి ఏడాది దాటింది. ఈ పరీక్షకే సెలవు అడిగాడు. పని చూసేవాళ్లు లేరని మేనేజరు ఇవ్వలేదు. పగలంతా పని, ఇంటికెళ్లి చదువు. ఒక మధ్యాహ్నం బ్యాంకు స్టేట్‌మెంటు మీదే తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు. పేరు తీసేస్తే పోస్టు పోతుందని మేనేజరు పైకి ఏమీ రాయలేదు. డ్యూటీ చార్టులో పేరు అలాగే ఉండిపోయింది. జీతం ఆగింది. పని ఆగలేదు.

ఆయన బల్లమీద సాయంత్రం ఏది వదిలినా తెల్లారేసరికి పూర్తయి ఉంటుంది. అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. ఎవడికివాడికి తన పని తగ్గడమే కదా కావలసింది!

"నువ్వూ పెడుతున్నావా బాబాయ్ ఆ బల్లమీద?" అని క్యాషియర్‌ను నిలదీసింది.

"అప్పుడప్పుడేనమ్మా. చిన్నచిన్నవి." తల దించుకున్నాడు. "నాకూ వయసైపోయింది మరి."

"ఆయనకి ఆయుష్షే అయిపోయింది కదా బాబాయ్?"



ఆ సాయంత్రం ఆమె కూడా ఒక స్టేట్‌మెంటు ఆ బల్లమీద పెట్టింది. దాచడం దేనికి, ఆమెకూ సెలవు కావాలి. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి చూసింది. ప్రతి అంకె పక్కనా టిక్కు ఉంది. పై వరసల్లో గీతలు తిన్నగా ఉన్నాయి. కిందికొచ్చేకొద్దీ వణికాయి. చివరి టిక్కు కాగితాన్ని చింపుకుని పోయింది. కుర్చీ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.

ఆమెకు భయం వేసింది. ఆ వెనకే ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని ఇంకో దరఖాస్తు రాసింది. పెద్దన్నకు చదువు సెలవు, ఒకటో తేదీ నుంచి. పరీక్షలు అవే. ఆయన పని, తన బ్యాంకు పని, రెంటికీ హెడ్డాఫీసు గుమస్తా. అతనికి అర్థంకానిది ఏదైనా ఉంటే సెలవయ్యాక తను వచ్చి తేలుస్తుంది.

మేనేజరు చదివి పగలబడి నవ్వాడు. "చచ్చినవాడికి చదువు సెలవేంటే తల్లీ!"

"చచ్చినవాడికి పనేంటి సార్? చార్టులో ఉన్నాడంటున్నారు. ఉన్నవాడికి సెలవు ఇవ్వరా? ఇవ్వనంటే ఆ మాట రాసివ్వండి, హెడ్డాఫీసుకు నేనే పంపుతా."

నవ్వు ఆగిపోయింది. క్యాషియరు వైపు చూశాడు. ఆయన ఈసారి తల దించలేదు.

"సరే, కాగితమేగా," అని మేనేజరు రెండింటి మీదా సంతకం గీకాడు. గుమస్తా కోసం మాత్రం ఎవరికీ రాయలేదు. ఒక్క సంతకంతో పని మానేస్తాడా పెద్దన్న, అనుకుని ఉంటాడు.

పదో తేదీ పొద్దున, పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఆమె ఫోను మోగింది.

"అమ్మా, ఒక్కసారి ఆఫీసుకు రా." అటునుంచి మేనేజరు. "ఒకటో తేదీనుంచి ఆ బల్లమీద ఒక్క కాగితం కదల్లేదు. అందరూ అక్కడే పడేసిపోతున్నారు. నెల లెక్కలు పంపాలి. నీ సెలవు రద్దు చేస్తున్నా."

"పరీక్ష గేటు దగ్గరున్నాను సార్. రాను. గుమస్తాను తెప్పించమని రాశాను, మీరే సంతకం పెట్టారు."

"పోనీ, ఆయన... ఆయన తిరిగి ఎప్పుడు చేరతాడు? కాగితంలో ఆ తేదీ లేదేంటి?"

బెల్లు కొట్టారు. గేటు దగ్గర గుంపు కదిలింది. ఎవరో ఆమెను దాటుకుని ముందుకు వెళ్లినట్టు భుజానికి గాలి తగిలింది. అక్కడ ఎవరూ లేరు.

"ఫెయిలైతే చేరతాడేమో సార్," అంది ఆమె. "పాసైతే మీ దగ్గరికి ఎందుకొస్తాడు?"

ఫోను కట్టేసి లోపలికి నడిచింది.